2000 శాతం డివిడెండ్ అంటే లాభమంతా పంచినట్టేనా?

ప్లస్ వన్ కామర్స్ తరగతిలో డివిడెండ్ పాఠం వచ్చినప్పుడు మేము మన చెన్నై సంస్థ ఎం.ఆర్.ఎఫ్. లెక్కనే బోర్డు మీద రాస్తాం. 1946లో తిరువొత్తియూరులో బొమ్మ బెలూన్ల తయారీతో మొదలైన సంస్థ అది. 2023-24కు షేరుకు 200 రూపాయల డివిడెండ్ ఇచ్చింది. షేరు ముఖ విలువ 10 రూపాయలే కాబట్టి పాఠ్యపుస్తకం లెక్కలో అది 2000 శాతం. ఆ అంకె చూడగానే పిల్లలు లాభమంతా పంచేశారనుకుంటారు.

ఇప్పుడు రెండో లెక్క వేయిస్తాం. అనుబంధ సంస్థలతో కలిపి ఆ ఏడాది నికర లాభం సుమారు 2,081 కోట్లు. షేర్లు 42.41 లక్షలు. భాగిస్తే షేరుకు దాదాపు 4,900 రూపాయల లాభం. అందులో పంచింది 200. అంటే నూరు రూపాయల లాభంలో వాటాదారుకు నాలుగు, సంస్థలో నిలిచినవి తొంభై ఆరు.

ఈ వాటాను ఎవరు తేలుస్తారు? తరుగుదల, పన్ను పోగా మిగిలిన లాభాన్ని డైరెక్టర్ల బోర్డు చూస్తుంది. మధ్యంతర డివిడెండ్‌ను బోర్డే ప్రకటించవచ్చు. ఎం.ఆర్.ఎఫ్. ఆ ఏడాది 3 రూపాయల చొప్పున రెండుసార్లు అలాగే ఇచ్చింది. మిగిలిన 194 తుది డివిడెండ్. దాన్ని బోర్డు సిఫారసు చేస్తే వార్షిక సమావేశంలో వాటాదారులు ఆమోదించాలి. వారు దాన్ని తగ్గించగలరు గానీ పెంచలేరు.

టైర్ల పరిశ్రమకు ఖరీదైన యంత్రాలు కావాలి, రబ్బరు ముందే కొని నిల్వ పెట్టుకోవాలి. లాభం ఉంచుకుంటే ఆ మేరకు అప్పు, వడ్డీ తగ్గుతాయి. అంత యంత్రసామగ్రి అక్కరలేని టి.సి.ఎస్. వంటి సాఫ్ట్‌వేర్ సంస్థ లాభంలో సగానికి పైగా పంచగలుగుతోంది.

ఇక్కడ పిల్లలు మరో పొరపాటు చేస్తారు. నిలిపిన లాభం బీరువాలో దాచిన నోట్ల కట్ట అనుకుంటారు. బ్యాలెన్స్ షీటులో అది 'నిల్వలు' అనే పేరుతో ఒకవైపు ఉంటుంది. ఆ డబ్బు మాత్రం రెండోవైపు యంత్రాలుగా, సరుకుగా, పెట్టుబడులుగా మారి ఉంటుంది. అందుకే పుస్తకాల్లో పెద్ద నిల్వలున్న సంస్థకు కూడా డివిడెండ్ చెల్లించే రోజున నగదు చాలకపోవచ్చు.

మరి ఉంచుకోవడం వాటాదారుకు మంచిదేనా? నాలుగైదేళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడాలి. సంస్థ 100 కోట్లు ఉంచుకున్నాక ఏటా లాభం 12 కోట్లు పెరిగితే ఆ డబ్బు పని చేసినట్టు. మూడు కోట్లే పెరిగితే ఆ సొమ్మును వాటాదారులకు పంచి ఉంటే, వారు బ్యాంకు డిపాజిట్టులో వేసుకున్నా అంతకంటే ఎక్కువే వచ్చేది.