పగడానికి గీతలుండాలి

మా అమ్మ నల్లపూసల తాడులో సూత్రాలకు అటూ ఇటూ రెండేసి పగడాలుండేవి. నలభై ఏళ్లు ఒంటి మీద ఉన్నాయి. పసుపు నీళ్లూ చెమటా సబ్బూ తగిలి తగిలి వాటి మెరుపు పోయింది. మెడకు ఆనుకునే వైపు కాస్త తెల్లబారింది కూడా. తాడు కొత్తగా గుచ్చించినప్పుడు కంసాలి ఆ నాలుగింటినీ విడిగా పొట్లం కట్టి ఇస్తూ, "వీటిని మార్చకండమ్మా, మళ్లీ ఇలాంటివి దొరకవు" అన్నాడు. ఆయన ఎందుకలా అన్నాడో నాకు పోయిన వేసవిలో మా చిన్నక్క ఉంగరం పుణ్యమా అని అర్థమైంది.

అక్కకు ఎవరో కుజుడికి పగడం పెట్టుకోమన్నారు. ఎనిమిది క్యారెట్ల ఇటలీ పగడం కొనుక్కొచ్చింది. క్యాప్సూల్ ఆకారం, చూడగానే ఆకట్టుకునే ఎరుపు, ఎక్కడా మచ్చ లేదు. ఇంకా ఉంగరంలో బిగించలేదు. "షాపులో పాలల్లో వేసి చూపించార్రా, పాలు ఎర్రబడలేదు. బిల్లు మీద న్యాచురల్ అని కూడా రాశారు" అంది. అమ్మ పగడాన్ని, అక్క పగడాన్ని తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి, కంసాలి దగ్గర అరువు తెచ్చుకున్న పదింతలు చూపించే భూతద్దంతో చూశాను.

ఏం చూడాలో తెలియాలంటే పగడం ఎలా పుడుతుందో కొంత తెలియాలి. అది గనిలో దొరికే రాయి కాదు. సముద్రం అడుగున చిన్న చిన్న జీవులు గుంపుగా బతుకుతూ సున్నంతో కట్టుకునే కొమ్మ. నగల్లో వాడే ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రంలోనూ, జపాన్, తైవాన్ చుట్టుపక్కల సముద్రాల్లోనూ దొరుకుతుంది. ఇటలీలో నేపుల్స్ దగ్గరున్న టొర్రె దెల్ గ్రేకో అనే ఊరు పగడం చెక్కడానికి పేరుమోసింది. జపాన్ వైపు కొమ్మలు కూడా అక్కడికి వెళ్లి సానబట్టించుకుని వస్తాయి. అందుకని 'ఇటలీ పగడం' అన్న మాట ఆ కొమ్మ ఏ సముద్రంలో పెరిగిందో కచ్చితంగా చెప్పదు.

మధ్యధరా పగడపు కొమ్మ మందం ఏడాదికి పెరిగేది దాదాపు పావు మిల్లీమీటరే. మొదలు దగ్గర 7 మిల్లీమీటర్లకన్నా సన్నగా ఉన్న కొమ్మను కోయకూడదని అక్కడి దేశాలు నియమం పెట్టుకున్నాయి. ఆ మందం రావడానికే పాతిక ముప్ఫై ఏళ్లు పడుతుంది. అంత సన్నని కొమ్మలోంచి బొటనవేలి గోరంత వెడల్పు రాయి రాదు. పైగా సముద్రంలో ఉండగానే పురుగులు దాన్ని తొలుస్తాయి. అందుకే అసలు పగడంలో సూదిమొన గుచ్చినట్టు గుంటలు, లేత మచ్చలు తరచూ కనిపిస్తాయి. జపాన్ రకంలో కొమ్మ నడుమ తెల్లటి పొర ఉంటుంది. చెక్కేవాడు దాన్ని వెనక్కి వచ్చేలా చూసుకుంటాడు. రంగు అంతటా ఒకేలా ఉండి, గుంటలూ పగుళ్లూ లేకుండా, పెద్దగా ఉన్న పగడం అసలైనదైతే చాలా ఖరీదు చేస్తుంది. అలాంటిది చవకగా చేతికొచ్చిందంటే అనుమానించాల్సిందే.

ఇలా ఏళ్ల తరబడి పెరిగిన దాని గుర్తు కొమ్మ లోపల ఉండిపోతుంది. పొడవునా సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, అర మిల్లీమీటరు కూడా ఎడం లేకుండా సాగుతాయి. గీతకూ గీతకూ మధ్య రంగులో చిన్న తేడా ఉంటుంది, అంతే. కొమ్మను అడ్డంగా కోసిన చోట చెట్టు మొద్దులో లాగా వలయాలు కనిపిస్తాయి. అమ్మ పగడాన్ని కిటికీ వెలుగులో నెమ్మదిగా తిప్పితే ఆ గీతలు వెంట్రుకల్లా కనిపించాయి. రంధ్రం అంచున వంపు తిరిగి లోపలికి పోయాయి. రంధ్రం లోపల కూడా పైన ఉన్న ఎరుపే ఉంది.

అక్క పగడంలోనూ గీతలున్నాయి. నేను మొదట మోసపోయింది అక్కడే. మళ్లీ చూస్తే అవి ముతకగా, ఎడమెడంగా ఉన్నాయి. ప్రతి గీతలోనూ రంగు గూడుకట్టుకుని చుట్టూ ఉన్న భాగం కన్నా ముదురుగా ఉంది. ఒక కొనన చిన్న పెచ్చు లేచిన చోట లోపల పాలిపోయిన గులాబీ రంగు కనిపించింది. అసలు పగడంలో ఎరుపు కొమ్మతో పాటే పుట్టింది కాబట్టి గీతల్లోకి జారి పేరుకోదు. బయటి నుంచి పట్టించిన రంగే పల్లం చూసుకుని నిలుస్తుంది.

దీన్ని వెదురు పగడం అంటారు. సముద్రంలో పెరిగేదే. తెల్లటి సున్నపు కణుపుల మధ్య నల్లటి ముళ్లతో, చూడటానికి వెదురు కర్రలా ఉంటుంది. తెల్ల భాగాన్ని కోసి, ఎర్ర రంగులో ఊరబెట్టి, పైన లక్కలాంటి పూత వేసి అమ్ముతారు. ఇది కూడా పగడం జాతిదే, సముద్రంలోదే. అందుకని బిల్లు మీద న్యాచురల్ అని రాసినవాడు నేను అబద్ధం రాయలేదు కదా అని వాదించగలడు. ఆ ఒక్క మాటకు విలువ లేదనేది అందుకే.

పాల పరీక్షా అంతే. పూత వేసిన రంగు పాలల్లో దిగదు. దిగనంత మాత్రాన అసలుది అయిపోదు. పసుపు రాస్తే ఎర్రబడాలి అనేది ఇంకొకటి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని దిష్టి నీళ్లు కలిపే ప్రతి ఇంట్లోనూ తెలుసు. పగడం సున్నపు జాతిది కాబట్టి ఆ మాట పుట్టి ఉంటుంది. కానీ వెదురు పగడమూ సున్నపు జాతిదే, గవ్వా సున్నపు జాతిదే. పసుపు ఎర్రబడినా వాటిలో ఏది ఏదో చెప్పదు. నిమ్మరసం చుక్క వేసి నురగ చూడమనేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. గాజు నుంచి, ప్లాస్టిక్ నుంచి వేరు చేయడం తప్ప దానివల్ల వచ్చేదేమీ లేదు. అసలు పగడం నునుపును మాత్రం పులుపు తినేస్తుంది. మచ్చ పోవాలంటే మళ్లీ సాన పట్టించాల్సిందే.

తూకం పరీక్షకు ఉపయోగం ఉంది, హద్దూ ఉంది. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు. అక్క పగడం 1.62 గ్రాములు తూగింది. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చాను. పగడాన్ని సన్నటి దారంతో కట్టి, అడుక్కూ అంచుకూ తగలకుండా పూర్తిగా నీళ్లలో మునిగేలా వేలాడదీశాను. కాటా 0.62 చూపించింది. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే 2.61. అసలు పగడానికి 2.6, 2.7 మధ్య రావాలి. అంటే అక్క పగడం ఈ పరీక్ష నెగ్గింది! వెదురు పగడం కూడా గట్టి సున్నమే కాబట్టి బరువులో తేడా ఉండదు. రంగు వేసినదాన్ని తూకం పట్టుకోలేదు. చిన్న పూసలకైతే కాటాలో నూరో వంతు తేడాకే లెక్క తారుమారవుతుంది. ఐదు క్యారెట్ల లోపువాటికి ఈ పని పెట్టుకోకపోవడం మంచిది.

తూకం పట్టుకునేది ఇంకో రకాన్ని. పగడం పొడినో, వట్టి సున్నపు పొడినో జిగురులో రంగుతో కలిపి అచ్చులో నొక్కి చేసే పగడాలున్నాయి. రీకన్‌స్టిట్యూటెడ్ అనేది వీటినే. ఎగ్జిబిషన్లలో గుత్తులుగా వేలాడే, ఒక్క పూసకూ మరో పూసకూ తేడా లేని ఎర్ర దండలు చాలావరకు ఈ బాపతే. జిగురు తేలిక కాబట్టి లెక్క 2.6 కన్నా బాగా తక్కువ వస్తుంది. వట్టి ప్లాస్టిక్ అయితే ఒకటిన్నర దాటడం అరుదు. చేతిలోకి తీసుకుంటేనే తేలిగ్గా, వెచ్చగా తగులుతుంది. భూతద్దంలో చూస్తే వీటిలో గీతలే ఉండవు. రవ్వ రవ్వగా పొడి, అక్కడక్కడ సుడి తిరిగిన రంగు, గాలి బుడగలు, ఒక్కోసారి అచ్చు అతుకు గీత కనిపిస్తాయి. గాజులోనూ బుడగలుంటాయి కానీ అది చల్లగా, అద్దంలా మెరుస్తుంది.

ఆఖరున గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌లో దూదిపుల్ల ముంచి, అక్క పగడం వెనకవైపు గట్టిగా రుద్దాను. మొదట ఏమీ రాలేదు. పెచ్చు లేచిన చోట రుద్దితే దూదికి గులాబీ రంగు అంటింది. పూత ఉన్నంత మేరా రంగు దాక్కుంటుంది, పూత లేని చోట బయటపడుతుంది. అందుకే పూసలైతే రంధ్రం అంచున రుద్దాలి. రంగు అంటితే వేసిన రంగని తేలిపోయినట్టే. అంటకపోతే మాత్రం ఏదీ తేలనట్టే. అమ్మ పగడం రంధ్రంలో తిప్పిన దూది తెల్లగానే వచ్చింది.

వీటన్నిటికీ చిక్కనిది ఒకటుంది. లేత రంగు అసలు పగడానికే ముదురు ఎరుపు పట్టించి అమ్మితే సన్నటి గీతలూ ఉంటాయి, బరువూ సరిపోతుంది. అది రామన్ పరికరం ఉన్న రత్నపరీక్ష ల్యాబులోనే తేలుతుంది. కొమ్మలో పుట్టిన రంగుకూ బయట వేసిన రంగుకూ తేడాను ఆ పరికరం చూపిస్తుంది. పెద్ద డబ్బు పెట్టి కొనేటప్పుడు ల్యాబ్ రిపోర్టు అడగాలి. అందులో జాతి పేరుతో పాటు 'రంగు వేసిన గుర్తులు లేవు' అన్న మాట ఉందో లేదో చదువుకోవాలి.

అక్క పగడాన్ని వెనక్కి తీసుకెళ్లాం. ఇది వెదురు పగడం, రంగు వేసినది అని ఎక్కడెక్కడ చూశామో చూపించి చెప్పాం. షాపాయన ఎక్కువ వాదించలేదు. డబ్బు తిరిగి ఇవ్వలేదు గానీ ఆ విలువకు వెండి తీసుకోమన్నాడు. ఉంగరంలో బిగించి ఉంటే ఆ మాత్రం కూడా జరిగేది కాదు. వెనక మూసిన గూట్లో కూర్చుంటే కొనలూ అడుగూ కనపడవు, చూడాల్సినవన్నీ ఉండేది అక్కడే.

కాబట్టి పగడాన్ని విడిగా ఉన్నప్పుడే, పగటి వెలుగులో, భూతద్దంతో చూసి కొనండి. బిల్లు మీద న్యాచురల్ అన్న మాటతో సరిపెట్టుకోకుండా 'రంగు వేయలేదు, జిగురు నింపలేదు' అని రాయించుకోండి. రాయనంటే ఆ రాయి అక్కడే వదిలేసి రండి.