మోడు కుళ్లిందా, లేదా?

‘ఇలియడ్’ ఇరవై మూడో సర్గలో రథాల పందెం మొదలవబోతోంది. ముసలి నెస్టర్ తన కొడుకు అంటిలోకస్‌ను దగ్గరకు పిలిచి, మలుపు ఎక్కడ తిరగాలో గుర్తు చెబుతాడు. నేలలోంచి బారెడు ఎత్తున ఓ ఎండు మోడు పైకి లేచి ఉంది. ఓక్ చెట్టుదో, పైన్ చెట్టుదో. దానికి అటూ ఇటూ రెండు తెల్లరాళ్లు ఆనించి ఉన్నాయి.

ఆ మోడు గురించి అన్న ఒక్క ముక్క మీద పాతకాలపు గ్రీకులు వాదించుకున్నారు. వానకు అది కుళ్లదు అన్నాడా, వానకు అందులో కొంత కుళ్లుతుంది అన్నాడా?

తేడా అంతా రెండక్షరాల మాటలో ఉంది. ఒమిక్రాన్, ఉప్సిలాన్ కలిపి రాస్తే ‘ఊ’. దాని అర్థం ‘కాదు, లేదు’. అవే అక్షరాలను గొంతులోంచి గాలి వదులుతూ, స్వరం ఎత్తి దించుతూ ‘హూ’ అని పలికితే ‘దానిలో’ అనే అర్థం వస్తుంది. మనకు ‘హ’ అనే అక్షరం విడిగా ఉంది కాబట్టి ఈ చిక్కు రాదు. గ్రీకులకూ ఒకప్పుడు ఉండేది. ఏథెన్స్ క్రీ.పూ. 403లో అయోనియా లిపిని అధికారికంగా తీసుకుంది. ఆ లిపిలో హ్ శబ్దం పలికే అక్షరం దీర్ఘ ‘ఏ’కు వెళ్లిపోయింది. అప్పటినుంచి నోట్లో ‘హ’ ఉన్నా కాగితం మీద లేదు. పైగా మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేకుండా, స్వర గుర్తులు లేకుండా రాసేవారు. చదివేవాడే తేల్చుకోవాలి.

అరిస్టాటిల్ ఈ పాదాన్ని రెండుచోట్ల ప్రస్తావించాడు. ‘కొంత కుళ్లుతుంది’ అన్న పాఠం కొందరికి విడ్డూరంగా తోచింది. థాసోస్ ద్వీపానికి చెందిన హిప్పియాస్ అక్షరం మార్చకుండా, పలికే తీరు మార్చి చిక్కు విప్పాడని ‘కావ్యశాస్త్రం’లో రాశాడు. నోటితో వాదించేటప్పుడు ఇలాంటి అయోమయం అంత తేలిగ్గా రాదని, రాతలోనూ కవిత్వంలోనూ వస్తుందని మరో గ్రంథంలో అన్నాడు. చెవికి వినిపించే తేడా కంటికి కనిపించకపోవడమే అసలు కారణం.

ఛందస్సును అడిగి చూద్దామంటే అదీ చెప్పదు. రెండు మాటలూ గురువులే. గ్రీకు ఛందస్సులో ‘హ’ను హల్లుగా లెక్కించరు కాబట్టి ముందున్న లఘువు లఘువుగానే ఉండిపోతుంది. ఇక అర్థమే దిక్కు. కొంత కుళ్లింది అంటే మిగతాది ఏమైందో చెప్పాలి కదా, ఆ మాట రాదు. వెంటనే తెల్లరాళ్ల సంగతి వచ్చేస్తుంది. పైగా ఇది ఏనాడో చచ్చిపోయిన మనిషి సమాధి గుర్తో, పూర్వుల నాటి పందేల మలుపు కంబమో అంటాడు నెస్టర్. అంతకాలం నిలిచిన కొయ్యకు ‘కుళ్లదు’ అనడమే పొసగుతుంది. నాకైతే ఇందులో సందేహం లేదు.

స్వర గుర్తులను తీర్చిదిద్దిన ఘనత అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని నడిపిన బైజాంటియం అరిస్టోఫానిస్‌దని (సుమారు క్రీ.పూ. 257–180) సంప్రదాయం చెబుతుంది. ఊపిరి గుర్తులు ఆ పాత ‘హ’ అక్షరపు ముక్కలే. అక్షరాన్ని నిలువునా రెండుగా కోస్తే ఎడమ సగం ‘హ’ ఉందని, కుడి సగం లేదని చెబుతుంది. రాతలో అవి అరిగి అరిగి కామా అంత వంపులయ్యాయి. ఈనాటి అచ్చు ప్రతిలో ఉప్సిలాన్ నెత్తిన మామూలు కామా ఉంటే ‘ఊ’. తిరగేసిన కామా, దానిపైన స్వరం ఎక్కి దిగుతుందని చూపే చిన్న వంకర గీత ఉంటే ‘హూ’.

ఆ గుర్తులు హోమర్ పెట్టినవి కావు, తర్వాతి పండితులు పెట్టినవి. అందుకే గ్రీకు పాఠాన్ని పరిష్కరించేవారు అక్షరాన్ని తాకాలంటే వ్రాతప్రతుల సాక్ష్యం వెతుకుతారు గానీ, ఊపిరి గుర్తును అర్థాన్ని బట్టి మార్చడానికి అంతగా జంకరు. ఆ 328వ పాదంలో ఇప్పటి ముద్రణలు మామూలు కామానే వేస్తున్నాయి. మోడు కుళ్లలేదు.