రేపటి స్క్వాట్‌ను చూసుకుని నేటి కార్డియో

బరువులెత్తే అలవాటున్నవాళ్ళు కొవ్వు తగ్గించుకోవాలనుకోగానే జిమ్‌లో ఒక సలహా వినిపిస్తుంది. మధ్యమధ్యలో ఆగుతూ, ఊపిరి అందనంతగా ఇంటర్వెల్స్ చేస్తే చాలు, ఆ తర్వాత రోజంతా కొవ్వు కరుగుతూనే ఉంటుందని. ఇందులో నిజం కొంతే. జపాన్‌కు చెందిన ఇజుమి టబాటా 1996లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగంలో కొలిచింది దమ్మును, కొవ్వును కాదు.

75 కిలోల మనిషి లెక్క చూద్దాం. ట్రెడ్‌మిల్‌ను కాస్త ఎత్తులో పెట్టి 45 నిమిషాలు చురుగ్గా నడిస్తే సుమారు 280 కేలరీలు ఖర్చవుతాయి. అదే మనిషి సైకిల్ మీద 30 సెకన్లు గట్టిగా, 90 సెకన్లు నింపాదిగా, ఇలా పదిసార్లు తొక్కితే వార్మప్‌తో కలిపి అరగంటకు దాదాపు 250. వ్యాయామం ఆపాక అదనంగా కరిగేది అందులో పదో వంతు, అంటే పాతిక కేలరీలు. ఒక అరటిపండుకు కూడా రావు! చివరికి రెండూ దాదాపు సమానం. ఇంటర్వెల్స్‌తో మిగిలేది పావుగంట సమయం.

ఆ పావుగంటకు వెల కట్టేది కాళ్ళు. ఈయన సోమ, గురువారాల్లో స్క్వాట్ చేస్తాడనుకుందాం. బుధవారం సాయంత్రం ఇంటర్వెల్స్ చేస్తే, గురువారం 80 కిలోలతో మామూలుగా ఐదుసార్లు లేచేవాడు మూడింటికే ఆగిపోవచ్చు. తిండి తగ్గించిన రోజుల్లో అలసట తీరడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ఇది మరీ కనిపిస్తుంది. బరువు తగ్గేటప్పుడు కండను నిలబెట్టేది ఆ బరువైన సెట్లే. వాటిని పోగొట్టుకుని కేలరీలు కరిగించడం నష్టపు బేరం.

రాబర్ట్ హిక్సన్ 1980లోనే దీన్ని గమనించాడు. బరువులూ, కఠినమైన కార్డియో కలిపి పది వారాలు చేసినవాళ్ళకు మొదట బలం పెరిగి, చివరి వారాల్లో తగ్గింది. అయితే వాళ్ళు దాదాపు రోజూ రెండూ చేశారు. మామూలు మనుషులు అంత చేయరు, వాళ్ళకు అంత నష్టమూ ఉండదు.

అందుకే నా ఓటు నడకకే. వారానికి మూడు నాలుగు రోజులు నడవాలి. ఇంటర్వెల్స్ కావాలంటే ఒక్కసారే, అదీ శనివారం, సైకిల్ మీద. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ కండరాలకు దెబ్బ తగులుతుంది, సైకిల్‌లో ఆ బాధ లేదు. ఒకే రోజు రెండూ తప్పకపోతే బరువులు ముందు చేసి, కార్డియోను కనీసం ఆరు గంటలు ఆగి చేయాలి.

రెండు వారాలు గమనించండి. నడుము కొలత తగ్గుతూ స్క్వాట్ లెక్క నిలిచి ఉంటే మోతాదు సరిపోయినట్టే. స్క్వాట్ వరుసగా పడిపోతూ, పొద్దున్నే నాడి మామూలుకంటే వేగంగా కొట్టుకుంటుంటే ముందు ఇంటర్వెల్స్ ఆపండి, నడక కొనసాగించండి. స్క్వాట్ బాగానే ఉండి నడుము కదలకపోతే మాత్రం కార్డియో పెంచడంకన్నా కంచంలో అన్నం కొంచెం తగ్గించడం తేలిక.