బ్యాండ్లున్నా కలవని ఫోన్లు

ఫోన్ స్పెసిఫికేషన్లలో నెట్‌వర్క్ అన్న చోట B1, B3, B5, B8, B40, n28, n78 అంటూ ఒక వరుస కనిపిస్తుంది. కెమెరా, బ్యాటరీ వివరాలు శ్రద్ధగా చదివినవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి పేజీ దాటేస్తారు. కొద్దిమంది మాత్రం ఇంకా లోపలికి వెళ్లి CA_3A-40C, CA_n28A-n78A లాంటి గుర్తుల కోసం వెతుకుతారు. ఒకే టవర్ కింద, ఒకే కంపెనీ సిమ్‌తో ఉన్న రెండు ఫోన్లకు వేగం ఎందుకు వేరుగా వస్తుందో చాలాసార్లు ఆ గుర్తులే చెబుతాయి.

బ్యాండ్ అంటే మొబైల్ సేవలకు కేటాయించిన రేడియో తరంగాల పట్టీ. మన దేశంలో 4జీకి వాడే B5 దాదాపు 850 మెగాహెర్ట్జ్ దగ్గర, B3 1800 దగ్గర, B40 2300 దగ్గర ఉంటాయి. 5జీ బ్యాండ్లకు ముందు n అన్న అక్షరం పెడతారు. n28 అంటే 700 మెగాహెర్ట్జ్, n78 అంటే 3500 చుట్టుపక్కల. ఒక కంపెనీకి ఏ బ్యాండూ మొత్తంగా దొరకదు. వేలంలో ఇక్కడ 5, అక్కడ 10, మరోచోట 20 మెగాహెర్ట్జ్ చొప్పున ముక్కలు కొనుక్కుంటుంది. అలాంటి ఒక ముక్క మీద నడిపే ప్రసారమే క్యారియర్. 4జీలో ఒక క్యారియర్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటకూడదన్నది నియమం. వెడల్పు ఎంత ఉంటే వేగం అంత కాబట్టి, విడివిడి ముక్కలున్న కంపెనీకి అది పెద్ద అడ్డంకి.

ఆ అడ్డంకిని దాటే పద్ధతే క్యారియర్ అగ్రిగేషన్. ఒకే సంపులోకి రెండు పైపుల నీళ్లు పడినట్టు, ఫోన్ ఒకేసారి రెండు మూడు క్యారియర్ల నుంచి డేటా అందుకుంటుంది. దక్షిణ కొరియాలో ఎస్‌కే టెలికాం 2013లో దీన్ని వాడుకలోకి తెచ్చింది. ఇందులో ఒక క్యారియర్ ప్రధానం, మిగతావి తోడు. తోడు క్యారియర్లు ఎప్పుడూ పనిచేస్తూ ఉండవు. పెద్ద ఫైల్ దిగుతున్నప్పుడు నెట్‌వర్క్ వాటిని లేపుతుంది, పని అయ్యాక బ్యాటరీ ఆదా కోసం నిద్రపుచ్చుతుంది. కొన్ని ఫోన్లలో 4G+ గుర్తు వచ్చి పోతూ ఉండడానికి ఇదొక కారణం.

ఇప్పుడు CA_3A-40C చదువుదాం. బ్యాండ్ 3 నుంచి ఒక క్యారియర్, బ్యాండ్ 40 నుంచి పక్కపక్కనే ఉన్న రెండు క్యారియర్లు కలిపి వాడగలదని అర్థం. A అంటే ఒకటి, C అంటే ఆనుకుని ఉన్న రెండు. మొత్తం మూడు క్యారియర్లు. అదే CA_3A-40A అని ఉంటే రెండే. 4జీని, 5జీని కలిపి వాడే జోడీని DC_3A_n78A అని రాస్తారు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఫోన్‌లో B3 ఉంది, B40 ఉంది కాబట్టి రెండూ కలిసి పనిచేస్తాయని అనుకోవడానికి లేదు. ఏ బ్యాండ్ల జోడీకి ఆ జోడీ విడిగా తయారు కావాలి. రెండు బ్యాండ్ల సంకేతాలను ఒకేసారి వేరుచేసే ఫిల్టర్లు, వాటికి సరిపడే యాంటెన్నాలు, మోడెంలో తగిన సత్తా ఉండాలి. పైగా కొన్ని జోడీలు ఒకదానికొకటి అడ్డొస్తాయి. B3లో ఫోన్ టవర్‌కు సంకేతం పంపేది 1710 నుంచి 1785 మెగాహెర్ట్జ్ మధ్య. ఫోన్‌లోని విడిభాగాలు ఏవీ నూటికి నూరుపాళ్లు శుద్ధంగా ఉండవు కాబట్టి, ఆ సంకేతానికి రెట్టింపు దగ్గర, అంటే 3420 నుంచి 3570 మధ్య, సన్నని రొద పుడుతుంది. అది సరిగ్గా n78 పరిధిలో పడుతుంది. ఫోన్ తన రొదతో తన చెవినే మూసుకున్నట్టవుతుంది. మంచి ఫిల్టర్లు పెట్టి దీన్ని తగ్గించవచ్చు, కానీ వాటికి ఖర్చు, చోటు రెండూ కావాలి. తక్కువ ధర ఫోన్లలో బ్యాండ్ల వరుస పొడవుగా ఉన్నా జోడీల జాబితా పొట్టిగా ఉండడానికి ఖర్చే ముఖ్య కారణం.

ఫోన్ నెట్‌వర్క్‌లో చేరేటప్పుడు తాను కలపగల జోడీల జాబితాను టవర్‌కు పంపుతుంది. ఆ జాబితాలో లేని జోడీని టవర్ ఇవ్వదు. టవర్‌కు ఎంత సామర్థ్యమున్నా ఫోన్ అడగనిది దొరకదు.

మన దగ్గర అందరికన్నా ఎక్కువ పట్టించుకోవలసిన జోడీ n28, n78 అని నా అభిప్రాయం. 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ కొన్నది జియో ఒక్కటే. n28లో దానికున్నది రెండు దిక్కులా 10 మెగాహెర్ట్జ్ చొప్పున. n78లో 100 మెగాహెర్ట్జ్ క్యారియర్ నడపవచ్చు. వేగమంతా n78లోనే ఉంది. కానీ 3500 మెగాహెర్ట్జ్ తరంగం గోడలు దాటేసరికి నీరసపడుతుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో లోపలి పడకగది ఊహించుకోండి. టవర్ గట్టిగా ప్రసారం చేస్తుంది కాబట్టి దాని మాట ఫోన్‌కు వినిపిస్తుంది. ఫోన్ పంపే శక్తి మాత్రం మామూలుగా వాట్‌లో ఐదో వంతే. దాని జవాబు టవర్ దాకా చేరదు. ముందు తెగేది ఈ వెనుదారే.

CA_n28A-n78A ఉన్న ఫోన్‌కు నెట్‌వర్క్ n28ని ప్రధానంగా, n78ని తోడుగా ఇవ్వగలదు. ఫోన్ తన జవాబులు గోడలు దాటే 700 మీద పంపుతుంది, డౌన్‌లోడ్ మాత్రం n78 వెడల్పంతా వాడుకుంటూ జరుగుతుంది. ఆ జోడీ లేని ఫోన్‌లో n28, n78 రెండూ ఉన్నా ఒకదాన్నే ఎంచుకోవాలి. n78 మీదే ఉంటే అప్‌లోడ్ కుంటుతుంది, n28కి మారితే 10 మెగాహెర్ట్జ్‌తో సరిపెట్టుకోవాలి. వీడియో కాల్‌లో అవతలివాళ్లు మనకు చక్కగా కనిపిస్తూ, మన మాట మాత్రం వాళ్లకు తెగితెగి వినిపిస్తుంటే ఈ వెనుదారి బలహీనతను అనుమానించవచ్చు. కిటికీ దగ్గర ఒకసారి, లోపలి గదిలో ఒకసారి స్పీడ్ టెస్ట్ చేసి, డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ ఎంత ఎక్కువగా పడిపోయిందో చూడండి. నెట్‌వర్క్ రద్దీ వల్ల కూడా వేగం తగ్గుతుంది కాబట్టి రెండు పరీక్షలూ వెంటవెంటనే చేయాలి.

శామ్‌సంగ్ ఫోన్లు చాలావాటిలో *#0011# నొక్కితే, ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే ప్రస్తుతం ఏ బ్యాండ్ మీద ఉన్నామో కనిపిస్తుంది. డేటా దిగుతుండగా చూస్తేనే తోడు క్యారియర్లు బయటపడతాయి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే ఫోన్ల విషయంలో మోడల్ నంబరు తప్పక చూడాలి. ఒకే పేరుతో వచ్చిన ఫోన్ దేశానికొక రకంగా ఉంటుంది. ఐఫోన్ 6నే తీసుకుంటే, అమెరికాలో అమ్మిన A1549లో B40 లేదు, A1586లో ఉంది. కొత్త ఫోన్లలో ఇంత తేడా తగ్గినా, బ్యాండ్లు సమానంగా ఉండి జోడీలు వేరయ్యే వీలు ఇప్పటికీ ఉంది.

కంపెనీల పేజీల్లో సాధారణంగా బ్యాండ్ల వరకే ఇస్తారు. ఫోన్లు టవర్‌కు పంపే జోడీల జాబితాలు cacombos.com లాంటి చోట దొరుకుతాయి. అక్కడ వందల వరుసలు కనిపించినా అన్నీ చదవక్కర్లేదు. మీ సిమ్ కంపెనీ మీ ఊళ్లో ఏ బ్యాండ్లు నడుపుతోందో ముందు తెలుసుకుని, ఆ రెండు మూడింటి జోడీ ఉందో లేదో చూడండి. జియో 5జీ వాడేవాళ్లు n28, n78 జోడీని, 4జీ ఆధారంగా 5జీ అందుకునేవాళ్లు DC_3A_n78A లాంటివాటిని వెతకాలి. మీ ఊళ్లో కంపెనీకి ఒకే క్యారియర్ ఉంటే మాత్రం ఈ జోడీల కోసం అదనంగా డబ్బు పెట్టకండి.