మాక్యులా స్కాన్‌లో వింతలు విశేషాలు

అతి పలచని చోటే అతి పదునైన చూపు: మేడ్చల్, శామీర్‌పేట వైపు నుంచి నగరంలోని కంటి ఆసుపత్రికి వెళ్లిన షుగరు రోగుల చేతికి తరచూ ఓసీటీ రిపోర్టు వస్తుంది. అందులో కనిపించేది రెటీనా అడ్డుకోత. నట్టనడుమ ఉన్న చిన్న గుంట పేరు ఫోవియా, మనం అక్షరాలు చదివేది దానితోనే. వెలుగుకు అడ్డు రాకుండా లోపలి పొరలు అక్కడ పక్కకు తప్పుకుంటాయి. అందుకే గుంట అడుగున మందం సుమారు 200 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో అయిదో వంతు. కాంతి ప్రతిఫలనాలతో ఇలాంటి కోత తీసే పద్ధతిని అమెరికాలో హువాంగ్, ఫుజిమోటో తదితరులు 1991లో ప్రకటించారు.

అతి నల్లనిది నీరు: నీటి నుంచి కాంతి దాదాపుగా వెనక్కి రాదు. షుగరు వల్ల రక్తనాళాలు కారితే పొరల మధ్య నల్లటి బుడగలు కనిపిస్తాయి. నీరు రెటీనా కింద చేరితే బోర్లించిన మూకుడులా ఒక నల్లటి గుబ్బ లేస్తుంది. నీరు ఏ పొరలో చేరిందన్నది జబ్బు ఏదో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

అతి మోసగించే నలుపు: ముదిరిన మాక్యులా జబ్బుల్లో, పాడైన కాంతిగ్రాహక కణాలు చుట్టుకుని గొట్టంలా మారతాయి. చూడటానికి నీటి బుడగే అనిపిస్తుంది. దాని చుట్టూ తెల్లని అంచు ఉండటమే గుర్తు. దాన్ని నీరనుకుని ఎన్ని ఇంజెక్షన్లు వేసినా తగ్గదు.

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద వింత మామూలుగా కనిపించే అంకె. ఒక షుగరు రోగి సంగతి ఊహించండి. తొలి స్కాన్‌లో నడిమి మిల్లీమీటరు వృత్తపు సగటు మందం 480 మైక్రాన్లు. కంట్లో ఇంజెక్షన్లు వేశాక అది 265కి దిగింది. అంకె బాగుంది, కానీ అక్షరాల పట్టికలో చూపు ఒక్క వరుస కూడా పెరగలేదు. కోతలు ఒక్కొక్కటిగా తిప్పి చూస్తేగానీ కారణం తెలియదు. ఒక పక్క ఇంకా ఒక బుడగ మిగిలి ఉంది, మరో పక్క పొరలు పలచబడ్డాయి. ఉబ్బూ క్షీణతా కలిసి సగటును మామూలు అంకె దగ్గర నిలిపాయి. పైగా కాంతిగ్రాహకాల తెల్లని గీత నడుమ తెగి ఉంది. చూపు రాకపోవడానికి అసలు కారణం ఆ తెగిన గీతే.

ఒకే కన్ను, రెండు మందాలు: పాత స్ట్రాటస్ యంత్రంలో సుమారు 200 వచ్చిన ఆరోగ్యవంతమైన కంటికి స్పెక్ట్రాలిస్‌లో 270 దాకా రావచ్చు. కన్ను ఉబ్బిందని కాదు, మందం కొలవడానికి రెండు యంత్రాలూ అడుగు గీతను వేర్వేరు పొరల దగ్గర గీస్తాయి. ఒక్కోసారి యంత్రం ఆ గీతను తప్పు చోట గీస్తుంది కూడా, ముఖ్యంగా నీరు ఎక్కువగా ఉన్నప్పుడు. అందుకే రోగి వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే రకం యంత్రం మీద స్కాన్ చేయించుకోవాలి, పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లాలి. డాక్టరు అంకె కన్నా ముందు ఆ గీత సరైన చోట పడిందో లేదో చూసుకోవాలి.