భవిష్యనిధి పాస్‌బుక్ చిత్రం నుండి నెలవారీ చందాల సేకరణ – వార్షిక ముగింపు నిల్వ పరీక్ష

ఉద్యోగుల భవిష్యనిధి పాస్‌బుక్‌లో ఒక ఆర్థిక సంవత్సరపు పుట చూడడానికి సులభంగానే ఉంటుంది. పైన ప్రారంభ నిల్వ, దాని కింద నెలకొక వరుస చొప్పున చందాలు, ఆపైన వడ్డీ వరుస, చివర ముగింపు నిల్వ ఉంటాయి. పుట అసలు పీడీఎఫ్ రూపంలో దొరికితే అందులోని అక్షరాలను నేరుగా తీసుకోవచ్చు. అయితే చాలామంది కార్మికుల దగ్గర ఉండేది నకలు కాగితమో, దాన్ని ఫోనుతో తీసిన ఫొటోనో. అటువంటి చిత్రం నుండి అంకెలను యంత్రం చేత చదివించినప్పుడు ఏ అంకె తప్పు పడిందో తెలుసుకోవడానికి ఆ పుటలోని వడ్డీ లెక్కే ఒక సాధనంగా ఉపయోగపడుతుంది. ఈ వ్యాసం దానినే వివరిస్తుంది.

మొదట చదివించే పద్ధతి. చిత్రాన్ని నిటారుగా సరిచేసి, నలుపు తెలుపులలోకి మార్చి, టెస్సరాక్ట్ వంటి అక్షర గుర్తింపు సాధనానికి ఇవ్వాలి. పట్టికను ఒకే ముద్దగా చదవమని చెప్పే ఆదేశం ఇది:

```
tesseract page.png out -l eng --psm 6
```

పాస్‌బుక్ శీర్షికలు హిందీలో కూడా ఉంటాయి కనుక ఫలితంలో అర్థంలేని పంక్తులు కొన్ని వస్తాయి. వాటిని పట్టించుకోనక్కరలేదు. `Cont. For Due-Month 082023` వంటి మాటలున్న పంక్తులను మాత్రమే ఏరుకుంటే చాలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. `082023` అంటే ఆగస్టు వేతనం కాదు. జూలైలో పనిచేసినందుకు ఆగస్టులో చెల్లించవలసిన చందా. అందువల్ల 2023-24 పుట మార్చి 2023 వేతనపు చందాతో మొదలై ఫిబ్రవరి 2024 వేతనపు చందాతో ముగుస్తుంది.

పంక్తి చివర ఉద్యోగి వాటా, యజమాని వాటా, పింఛను వాటా అనే మూడు సంఖ్యలు ఉండాలి. యంత్రం సాధారణంగా చేసే పొరపాట్లలో పట్టిక గీతను 1గా చదవడం, కామాను చుక్కగా చదవడం, 4ను 1గా చదవడం ముఖ్యమైనవి. ఒక సంఖ్య పూర్తిగా జారిపోతే మిగిలినవి పక్క గడిలోకి జరుగుతాయి. అందుకే మూడు సంఖ్యలు లేని పంక్తిని ఊహతో పూరించకుండా పక్కన పెట్టి కంటితో చూడడమే మంచిది. మూడూ ఉన్నచోట తేలికైన పరీక్ష ఒకటి ఉంది. ఉద్యోగి, యజమాని ఇద్దరూ 12 శాతం చొప్పున చెల్లించే చోట, ఉద్యోగి వాటా మిగిలిన రెండింటి మొత్తానికి సమానం కావాలి. వేతనం రూ. 15,000 అయితే 1,800 = 550 + 1,250. స్వచ్ఛందంగా అదనపు చందా కట్టేవారికి ఈ సమానత్వం వర్తించదు.

ఈ పరీక్షకు వీలులేని చోటే వడ్డీ అక్కరకు వస్తుంది. 1952 నాటి భవిష్యనిధి పథకంలోని 60వ పేరా ప్రకారం వడ్డీని నెలవారీ నిల్వలపై కడతారు. ప్రారంభ నిల్వకు పన్నెండు నెలల వడ్డీ వస్తుంది. ఒక చందాకు అది జమ అయిన నెల తరువాతి నెల మొదటి తేదీ నుండి సంవత్సరాంతం వరకు వడ్డీ వస్తుంది. అంటే ఏప్రిల్ జమకు 11 నెలలు, మే జమకు 10, అలా తగ్గుతూ మార్చి జమకు సున్న. మొత్తం వడ్డీని దగ్గరి రూపాయికి సవరిస్తారు, యాభై పైసలను పై రూపాయిగా లెక్కిస్తారు. పింఛను వాటాకు వడ్డీ ఉండదు.

కల్పిత ఉదాహరణ ఒకటి తీసుకుందాం. గుంటూరు ప్రాంతపు నూలు మిల్లులో రోజుల లెక్కన పనిచేసే కార్మికుడి 2023-24 పుట అనుకుందాం. నకలు ప్రతిలో వేతనాల గడులు, పింఛను గడులు మసకబారాయి. ఉద్యోగి వాటా ప్రారంభ నిల్వ రూ. 48,210. ఆ సంవత్సరపు వడ్డీ రేటు 8.25 శాతం. చందాలు నెలనెలా మారుతున్నాయి కనుక తప్పు అంకె కంటికి కొట్టొచ్చినట్టు కనబడదు. యంత్రం చదివిన సంఖ్యలతో లెక్క ఇలా సాగుతుంది:

```
a = [1416,1380,1248,1452,1128,1332,
     1464,1404,1356,1440,1392,1428]
w = range(11, -1, -1)
p = 48210*12 + sum(x*n for x, n in zip(a, w))
print(sum(a), p*8.25/1200)
```

చందాల మొత్తం 16,440, వడ్డీ 4,591.87 వస్తాయి. పుటలో ముద్రితమైనవి మాత్రం చందాలు 16,740, వడ్డీ 4,606, ముగింపు నిల్వ 69,556. ముద్రిత సంఖ్యలు తమలో తాము సరిపోతున్నాయి: 48,210 + 16,740 + 4,606 = 69,556. కనుక తప్పు నెలవారీ వరుసలలోనే ఉంది. చందాలలో తేడా 300. వడ్డీలో తేడా 14.13. మూడు వందల రూపాయలకు ఒక నెల వడ్డీ 2.0625. దానితో 14.13ను భాగిస్తే 6.85, అంటే దాదాపు 7. ఏడు నెలల వడ్డీ పొందేది ఆగస్టు జమ. ఆ వరుసను చిత్రంలో పెద్దదిగా చేసి చూస్తే 1,128 కాదు, 1,428. సవరించాక వడ్డీ 4,606.305, అంటే 4,606.

మొదటి తేడా తప్పు పరిమాణాన్ని, రెండవ తేడా తప్పు ఉన్న నెలను చెబుతాయి. అయితే ముద్రిత వడ్డీ రూపాయికి సవరించినది కాబట్టి ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. తప్పిన మొత్తం సుమారు రూ. 146కు మించితేనే నెలకు రూపాయి తేడా వచ్చి నెలను నిశ్చయంగా గుర్తించగలం. వందల స్థానంలో 4ను 1గా చదవడం వంటి తప్పు దొరుకుతుంది, పదుల స్థానంలో జరిగినది దొరకదు. రెండు వరుసలలో తప్పులుంటే వచ్చే నెల సంఖ్య వాటి మిశ్రమమే తప్ప దేనిదీ కాదు. మొదటి తేడా సున్నయై వడ్డీలో మాత్రమే తేడా ఉంటే అనుమానించవలసింది మొత్తాలను కాదు, జమ తేదీలను. ఇదే పుటలో సెప్టెంబరు చందా 1,332 డిసెంబరులో జమ అయి ఉంటే 60వ పేరా లెక్కన మూడు నెలల వడ్డీ, అంటే రూ. 27.47 తగ్గుతుంది. కనుక `Due-Month`తో పాటు జమ తేదీ గడిని కూడా సేకరించి, నెలల సంఖ్యను ఆ తేదీ నుండే తీసుకోవాలి.

వడ్డీ వరుస అసలే లేని పుటలు కూడా తారసపడతాయి. `Int. Updated upto 31/03/2024` అనే వరుస రేటు ప్రకటించి జమచేసిన తరువాతే చేరుతుంది. అంతకుముందు తీసిన చిత్రంలో ముగింపు నిల్వ వడ్డీ లేకుండానే ఉంటుంది, అది తప్పు కాదు. సంవత్సర మధ్యలో సొమ్ము తీసుకున్నవారి లెక్కలో ఆ మొత్తాన్ని తీసివేయాలి. ఏడాదికి ఉద్యోగి చందా రూ. 2.5 లక్షలు దాటినవారికి 2021-22 నుండి పన్ను పడే భాగాన్ని వేరుగా చూపుతారు కాబట్టి, ఈ లెక్కను రెండు భాగాలకూ విడివిడిగా చేయాలి.

నిల్వ సరిపోయిందంటే చిత్రాన్ని సరిగా చదివామని మాత్రమే అర్థం. వేతనం నుండి కోసిన చందాను యజమాని కట్టకపోతే ఆ నెల వరుస పుటలోనే ఉండదు. ఉన్న పదకొండు వరుసలతో మొత్తం, వడ్డీ, ముగింపు నిల్వ అన్నీ చక్కగా సరిపోతాయి. ఏ లెక్కా ఆ లోపాన్ని పట్టుకోలేదు. `042023` నుండి `032024` వరకు పన్నెండు వరుసలూ ఉన్నాయో లేదో విడిగా చూసి, ఉద్యోగి వాటాను అదే వేతన నెల జీతపు చీటీలోని కోతతో పోల్చినప్పుడే అది బయటపడుతుంది. అలా దొరికిన నెలకు సంబంధించిన జీతపు చీటీని, ఆ సంవత్సరపు పాస్‌బుక్ పుటను జతచేసి భవిష్యనిధి సంస్థ ఫిర్యాదుల వేదిక `EPFiGMS`లో నమోదు చేయవచ్చు.