ఆరు వేల గదికి అసలు అద్దె ఎంత?

హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్సార్ నగర్ సందుల్లోకి వెళ్తే కరెంటు స్తంభాల మీద, గోడల మీద హాస్టల్ కాగితాలే కనిపిస్తాయి. ‘టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఆంధ్రా భోజనం, వైఫై’ అని ఉంటుంది, కింద ఫోన్ నంబరు. చాలావాటిలో అద్దె ఉండదు. ఫోన్ చేస్తే ‘వచ్చి చూడండి, మాట్లాడుకుందాం’ అంటారు. కోచింగ్ కోసం జిల్లా నుంచి వచ్చే కుర్రాడు బ్యాగు మోసుకుంటూ పది మెట్లెక్కి దిగడం అక్కడే మొదలవుతుంది.

అద్దె వేసినా లెక్క తేలదు. త్రీ షేరింగ్ ఏసీ గది మనిషికి రూ.6,000 అని ప్రకటన ఇచ్చారనుకుందాం. చేరేటప్పుడు రూ.2,000 అడ్వాన్సు కట్టించుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు అందులో రూ.1,000 మెయింటెనెన్స్ కింద పట్టుకుంటారు. ఏసీ కరెంటు విడిగా సబ్‌మీటరు మీద. నెలకు 150 యూనిట్లు, యూనిట్‌కు రూ.10 చొప్పున వేస్తే తలకు రూ.500. నాలుగు నెలలుండి వెళ్లే విద్యార్థికి మొత్తం రూ.27,000 అవుతుంది, అంటే నెలకు రూ.6,750. ఇందులో మోసమేమీ లేదు, అన్నీ మామూలుగా వసూలు చేసేవే. కానీ చేరేటప్పుడు చెప్పని ఆ రూ.1,000 దగ్గరే వెళ్లేటప్పుడు గొడవ. ‘అద్దె 6,000, ఏసీ కరెంటు మీటరు ప్రకారం, అడ్వాన్సులో 1,000 తిరిగి ఇవ్వం’ అని ముందే రాస్తే రెండు వరుసలతో పోయేది.

జీఎస్టీ సంగతీ అక్కడే తేల్చాలి. మనిషికి నెలకు రూ.20,000 మించని వసతికి, వరుసగా కనీసం 90 రోజులు ఉంటే, 2024 జులై నుంచి మినహాయింపు ఉంది. ఆ షరతులకు సరిపోయే విద్యార్థిని అద్దె మీద పన్ను అడిగితే కారణం అడగాల్సిందే.

ఇక ఫొటోలు. ఫోన్‌లో 0.5x పెట్టి తీస్తే అగ్గిపెట్టె గది కూడా హాలులా కనిపిస్తుంది. పది బై పన్నెండు గదిలో ఆరు బై మూడు మంచాలు మూడు వేస్తే 120 చదరపు అడుగుల్లో 54 వాటికే పోతాయి. కాబట్టి పగటి వెలుతురులో, గుమ్మంలో నిలబడి, మంచాలన్నీ వేసి ఉండగా మామూలు లెన్సుతో తీసిన ఫొటోయే పనికొస్తుంది. బీరువా తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా, ప్లగ్గు ఏ మంచానికి అందుతుందో అందులో తెలుస్తుంది. బాత్రూం ఫొటో పెట్టని హాస్టల్‌ను అమ్మానాన్నలు ముందే అనుమానిస్తారు. అమ్మాయిల హాస్టల్ అయితే ఫొటోలో మనుషులు, వారి సామాన్లు పడకూడదు.

నిబంధనల్లో ‘క్రమశిక్షణ పాటించాలి’ అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు. గేటు ఎన్నింటికి మూస్తారు, రాత్రి రైలు దిగి వచ్చేవారు ఎవరికి ఫోన్ చేయాలి, ఊరెళ్లిన రోజుల భోజనం డబ్బు తగ్గుతుందా, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, 15వ తేదీన చేరితే సగం అద్దేనా అన్నవి రాయాలి. వచ్చినవాళ్లు వార్డెన్‌ను అడిగేవి ఇవే.